గర్భసంచి పొరకు ముక్క పరీక్ష: మాత్రలకు ముందు, ఆపరేషన్‌కు ముందు

నలభై దాటిన స్త్రీకి నెలసరి గాడి తప్పి, రెండు నెలలు రాకుండా ఉండి, ఆ తర్వాత పదిహేను రోజులు ఆగకుండా పోతుంటే, మన ఇళ్లలో దానికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఆగిపోయే ముందు ఎవరికైనా ఇలాగే ఉంటుందని, ఓపిక పడితే అదే సర్దుకుంటుందని ఒక జవాబు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు కాబట్టి ఇక ఆ సంచితో పనేముందని, తీయించేస్తే పీడ వదులుతుందని రెండో జవాబు. ఈ రెండిటి మధ్యలో, ఔట్‌పేషెంటు గదిలో కొద్ది నిమిషాల్లో ముగిసే ఒక పరీక్ష ఉంది. గర్భసంచి లోపలి పొర నుంచి కాస్త కణజాలం తీసి సూక్ష్మదర్శిని కింద చూడటమే ఆ పరీక్ష. ఆసుపత్రిలో దాన్ని ఎండోమెట్రియల్ బయాప్సీ అంటారు, ఊళ్లలో ముక్క పరీక్ష అంటారు. కడుపు కోయించుకోవడానికి సిద్ధపడిన మనిషి కూడా ముక్క పరీక్ష అనగానే వెనకడుగు వేయడం నేను చాలాసార్లు చూశాను.

నేను పాథాలజిస్టుని. ఆ ముక్కలను చూసి రిపోర్టు రాయడం నా వృత్తి కాబట్టి, నా మాటలో కొంత పక్షపాతం ఉందని ఎవరైనా అనుకుంటే కాదనను. అయినా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అధిక బరువు ఉండి, నలభై దాటి, రక్తస్రావం ఎక్కువగానూ క్రమం తప్పీ అవుతున్న స్త్రీకి ఈ పరీక్ష చేయకుండా నెలల తరబడి హార్మోను మాత్రలు వాడించడం తప్పు. ఈ పరీక్ష చేయకుండా గర్భసంచి తీసేయడం అంతకంటే పెద్ద తప్పు. ఎందుకో చెప్పడానికి మా ఇంటి ఉదాహరణే తీసుకుంటాను. మా తోడికోడలిని అడిగి, ఆమె ఒప్పుకున్న తరువాతే ఇది రాస్తున్నాను.

ఆమె వరసకు నాకు అక్క, తెనాలిలో ఉంటుంది. అప్పటికి వయసు 46, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. ఆమెది 35 దాటింది. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువుగాను, 25 దాటితే ఊబకాయంగాను లెక్కిస్తారు. షుగరు ఇంకా రాలేదు గాని, వచ్చే దారిలో ఉందని రక్తపరీక్ష చెప్పింది. ఏడాదిగా నెలసరికి లెక్కాపత్రం లేదు. ఒకసారి నలభై రోజులకు, ఒకసారి అరవై రోజులకు వచ్చేది. వచ్చినప్పుడు మాత్రం గడ్డలు గడ్డలుగా పడేది, రాత్రిపూట రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకున్నా పక్క తడిసేది. బంధువుల ఇంట గృహప్రవేశం వచ్చిందని, మందుల షాపులో అడిగి నెలసరిని వాయిదా వేసే మాత్రలు వేసుకుంది. అవి ఆపిన మూడో రోజున మొదలైన రక్తస్రావం రెండు వారాలైనా ఆగలేదు. హిమోగ్లోబిన్ 7.8కి దిగింది. మెట్లెక్కితే ఆయాసం, నిలబడి పూరీ పిండి కలపడానికి ఓపిక లేదు. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

అప్పటికే స్కానింగ్ అయింది. గర్భసంచి కాస్త పెద్దదిగా ఉంది, గోడలో రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఒకటి ఉంది, లోపలి పొర మందం 13 మిల్లీమీటర్లు ఉంది. ఈ మూడు వాక్యాలు మా బంధువుల నోళ్లలో పడి గర్భసంచి వాచిందని, గడ్డ ఉందని, పుండు పడిందని తేలింది. తీయించేయడమే మంచిదని అందరూ తీర్మానించారు. చూసిన గైనకాలజిస్టు మాత్రం ముందు బయాప్సీ చేద్దామన్నారు. అది విని మా అక్క భయపడింది. "క్యాన్సర్ అని అనుమానం లేకపోతే ముక్క ఎందుకు తీస్తానంటారమ్మా? నాకు చెప్పకుండా దాస్తున్నారు కదూ?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, బరువుకూ నెలసరికీ ఉన్న సంబంధం దగ్గర మొదలుపెట్టాలి.

నెలసరి సక్రమంగా ఉన్న స్త్రీలో, నెల మొదటి సగంలో అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజన్ గర్భసంచి పొరను పెంచుతుంది. నెల మధ్యలో అండం విడుదలవుతుంది. అండం విడుదలైన చోట మిగిలిన భాగం మరో రెండు వారాలపాటు ప్రొజెస్టరాన్‌ను తయారుచేస్తుంది. ఆ ప్రొజెస్టరాన్ పొర పెరుగుదలను ఆపి, దాన్ని పక్వం చేసి, నిలకడగా ఉంచుతుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టరాన్ ఒక్కసారిగా పడిపోతుంది, పొర అంతా ఒకేసారి రాలిపోతుంది, నాలుగైదు రోజుల్లో ఆగిపోతుంది. రాలడానికీ ఆగడానికీ ఒక పద్ధతి ఉండటానికి కారణం ప్రొజెస్టరానే.

నలభైల్లో అండం ప్రతి నెలా విడుదల కాదు. విడుదల కాని నెలలో ప్రొజెస్టరాన్ ఉండదు, ఈస్ట్రోజన్ మాత్రం ఉంటుంది. పొర పెరుగుతూనే పోతుంది. నిలకడలేని ఆ పొర ఒక రోజు ఇక్కడ, మరో రోజు అక్కడ విరిగి రాలుతుంది కాబట్టి రక్తస్రావం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. రెండు నెలలు ఏమీ కనబడక తర్వాత వరదలా రావడం వెనక సాధారణంగా ఉండే కథ ఇదే. ఇంతవరకు సన్నగా ఉన్న స్త్రీకైనా జరగవచ్చు.

అధిక బరువు ఉన్నచోట దీనికి మరో ఈస్ట్రోజన్ ఊట తోడవుతుంది. శరీరంలోని కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు. అందులో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అండాశయాల నుంచి, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే పురుష హార్మోన్లను అది ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువైతే ఈ మార్పు అంత ఎక్కువగా, నెల పొడుగునా, అండం విడుదలతో నిమిత్తం లేకుండా జరుగుతుంది. పైగా బరువుతోపాటు రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు, హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది, దానితో స్వేచ్ఛగా తిరిగే ఈస్ట్రోజన్ పెరుగుతుంది. ఇన్సులిన్ కూడా పొర కణాలను తన వంతుగా పెరగమనే ప్రేరేపిస్తుంది. అడ్డుకోవలసిన ప్రొజెస్టరాన్ మాత్రం లేదు. ఇలా ఏళ్ల తరబడి సాగితే పొరలోని గ్రంథులు మితిమీరి పెరుగుతాయి. దాన్ని హైపర్‌ప్లేసియా అంటారు. అందులో కొంతమందికి కణాల ఆకృతి కూడా మారుతుంది, ఆ తర్వాతి మెట్టు క్యాన్సర్. గర్భసంచి పొర క్యాన్సర్‌కు ఊబకాయంతో ఉన్నంత గట్టి సంబంధం మరే క్యాన్సర్‌కూ లేదనే చెప్పాలి.

అందువల్ల మా అక్కకు నేను చెప్పిన జవాబు ఇది. డాక్టరు గారు దాస్తున్నదేమీ లేదు. నెలసరి ఇంకా ఆగని స్త్రీలలో రక్తస్రావం గాడి తప్పిన వారినందరినీ కలిపి చూస్తే, క్యాన్సర్ తేలేది సగటున వెయ్యిమందిలో ముగ్గురు, నలుగురికే. కాని ఆ సగటులో పాతికేళ్ల సన్నటి అమ్మాయీ ఉంది, 46 ఏళ్ల వయసులో బీఎంఐ 35 దాటిన నువ్వూ ఉన్నావు. నీ వయసు, బరువు, క్రమం తప్పిన తీరు మూడూ ఒకే వైపు మొగ్గుతున్నాయి. క్యాన్సర్ కంటే కూడా, దానికి ముందుండే దశలు నీలో ఉండే అవకాశం ఎక్కువ. అవి మందుతో తగ్గే దశలు. అవి ఉన్నాయో లేవో బయటినుంచి తెలియదు.

"స్కానింగ్‌లో తెలియదా?" అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. స్కానింగ్ కొలిచేది పొర మందాన్ని. నెలసరి పూర్తిగా ఆగిపోయిన స్త్రీకి రక్తం కనబడితే, పొర మందం 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా స్వల్పమని ధీమాగా చెప్పవచ్చు. ఆ కొలత నెలసరి ఆగిన స్త్రీకే వర్తిస్తుంది. నెలసరి ఇంకా వస్తున్న స్త్రీలో పొర, రాలిన వెంటనే 4 మిల్లీమీటర్లు ఉండి, నెల చివరికి 15 దాకా పెరగడం మామూలే. అందుచేత 13 అన్న అంకె మా అక్క విషయంలో భయపెట్టేదీ కాదు, ధైర్యం ఇచ్చేదీ కాదు. మందంగా ఉండి మంచిగా ఉన్న పొర ఉంటుంది, మామూలు మందంలో ఉండి కణాలు మారిన పొరా ఉంటుంది. తేడా కణాల అమరికలో ఉంటుంది, ఆ అమరిక స్కానింగ్ తెర మీద కనబడదు.

స్కానింగ్ మరో విధంగా కూడా దారి తప్పిస్తుంది. నలభై దాటిన స్త్రీలలో చిన్న ఫైబ్రాయిడ్లు సర్వసాధారణం. అది కనబడగానే కారణం దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఫైబ్రాయిడ్ వల్ల వచ్చే రక్తస్రావం సాధారణంగా ఎక్కువగా ఉన్నా సమయానికే వస్తుంది. గోడలో ఒదిగిన రెండు సెంటీమీటర్ల గడ్డ, రెండు నెలలకొకసారి వచ్చి రెండు వారాలు పోయే రక్తస్రావానికి సంజాయిషీ కాజాలదు. గర్భసంచి ముఖద్వారం నుంచి తీసే పాప్ స్మియర్ బాగుందంటే లోపలి పొర కూడా బాగున్నట్టేనని అనుకునేవారూ ఉన్నారు. అది చూసేది ముఖద్వారాన్ని, లోపలి పొరను కాదు.

భారతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫాగ్సీ సూచనల ప్రకారం, అసాధారణ రక్తస్రావం ఉన్న స్త్రీ 40 దాటితే పొరను పరీక్షించాలి. అమెరికాలో ఆ గీత 45 దగ్గర ఉంది, కాని ఊబకాయం వంటివి ఉంటే 45 లోపు కూడా చేయమంటారు. గీత ఎక్కడ గీసినా మా అక్క వంటి మనిషి పరీక్ష చేయవలసిన వైపే ఉంటుంది.

ఇక పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. చాలామంది భయం తెలియకపోవడం వల్లనే. ముందు గర్భం లేదని మూత్రపరీక్షతో నిర్ధారిస్తారు. నెలసరి తప్పడానికి ఈ వయసులో గర్భం కారణం కాదనుకోవడం పొరపాటు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. గంటకొక ప్యాడ్ చొప్పున తడుస్తూ, కళ్లు తిరుగుతున్న దశలో ఉంటే మొదట రక్తస్రావాన్ని అదుపు చేస్తారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు, పరీక్ష ఆ తర్వాత. మా అక్కకు రక్తస్రావం తగ్గడానికి మందు ఇచ్చి, సిరలోకి ఐరన్ ఎక్కించి, వారం రోజుల తరువాత పరీక్షకు రమ్మన్నారు. వచ్చే అరగంట ముందు ఒక నొప్పి మాత్ర వేసుకోమన్నారు.

పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, పాప్ స్మియర్‌కు పెట్టినట్టే స్పెక్యులం పెట్టి ముఖద్వారాన్ని శుభ్రం చేస్తారు. తర్వాత పైపెల్ అనే మెత్తటి ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పంపుతారు. దాని వెడల్పు సుమారు మూడు మిల్లీమీటర్లు. గొట్టం లోపల ఇంకో సన్నటి పుల్ల ఉంటుంది. గొట్టం గర్భసంచి పొరకు తగిలిన తర్వాత ఆ పుల్లను వెనక్కి లాగితే పీల్చే శక్తి పుడుతుంది. గొట్టాన్ని తిప్పుతూ ముందుకూ వెనక్కూ కదిపితే పొర తునకలు పక్కనున్న చిన్న రంధ్రం గుండా లోపలికి వస్తాయి. కోత లేదు, కుట్టు లేదు, సాధారణంగా మత్తు అక్కర్లేదు. నొప్పి లేదని మాత్రం అనను. గట్టి నెలసరి నొప్పి వంటిది ఒకటి రెండు నిమిషాలు పిండేస్తుంది. కొందరికి కళ్లు తిరుగుతాయి. అందుకే అయిన వెంటనే లేవనివ్వరు. రెండు మూడు రోజులు కొద్దిగా రక్తం కనబడవచ్చు. జ్వరం వచ్చినా, దుర్వాసనతో స్రావం ఉన్నా, నొప్పి తగ్గకపోయినా తిరిగి చూపించుకోవాలి. ఇన్ఫెక్షన్ గాని, గర్భసంచికి రంధ్రం పడటం గాని చాలా అరుదు. సాధారణ కాన్పులు కాని వారిలోను, ముఖద్వారం బిగుసుకుపోయిన వారిలోను గొట్టం లోపలికి పోకపోవచ్చు. అటువంటప్పుడు మత్తు ఇచ్చి చేస్తారు.

ముక్క తీస్తే లోపలి పుండు పాకుతుందన్న నమ్మకం మా అత్తగారి తరం నుంచి వస్తున్నది. మా అక్కకూ ఆ భయం ఉంది. ఆ పొర ప్రతి నెలా తనంతట తానే విరిగి రాలిపోయేదే. దానిలోంచి కొన్ని మిల్లీగ్రాములు తీయడం వల్ల మంచి పొర చెడదు. ఒకవేళ క్యాన్సరే ఉన్నా, ముందు ముక్క తీసి నిర్ధారించుకున్న తర్వాతే ప్రపంచమంతటా దానికి చికిత్స మొదలుపెడతారు.

అలా తీసినది ఫార్మలిన్ పోసిన చిన్న సీసాలో మా ల్యాబుకు వస్తుంది. కంటికి కనబడేది రక్తంలో తేలే గోధుమరంగు తునకలే. రాత్రంతా రసాయనాల్లో నాని, మర్నాడు మైనం దిమ్మెలో కుదురుకుంటాయి. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పలకలుగా కోసి, ఊదా, గులాబీ రంగులు పట్టించి గాజు మీదకు ఎక్కిస్తారు. మామూలు పొరలో గ్రంథులు సన్నటి గొట్టాలను అడ్డంగా కోసినట్టు గుండ్రంగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. వాటి మధ్య ఆధార కణాలు ఒత్తుగా ఉంటాయి. హైపర్‌ప్లేసియాలో ఆ ఎడం తగ్గిపోతుంది. కొన్ని గ్రంథులు ఉబ్బి, కొన్ని వంకరలు తిరిగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కనబడతాయి. అప్పుడు నేను వెతికేది ఒక్కటే, కణాల కేంద్రకాలు వరుసగా నిలువుగా ఉన్నాయా, లేక ఉబ్బి, గుండ్రపడి, వరుస తప్పాయా అని. వరుస తప్పితే దాన్ని ఎటిపియా అంటాం. రిపోర్టులో ఎన్ని మాటలున్నా, రోగి భవిష్యత్తు ఆ ఒక్క మాట ఉందా లేదా అన్నదాని మీదనే చాలావరకు నిలబడుతుంది.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయక తప్పదు. సీసాతోపాటు వచ్చే కాగితంలో చాలాసార్లు పేరు, వయసు తప్ప ఏమీ ఉండవు. చివరి నెలసరి ఎప్పుడు వచ్చింది, రోగి ఏ హార్మోను మాత్రలు వాడుతోంది అన్న గడులు ఖాళీగా ఉంటాయి. మా అక్క గృహప్రవేశానికి వేసుకున్న మాత్ర నోరెథిస్టరోన్, ప్రొజెస్టరాన్ కోవకు చెందినది. మన దగ్గర వ్రతాలకు, పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు దీన్ని చీటీ లేకుండానే కొంటారు. రక్తస్రావం ఆగకపోయినా అదే కొంటారు. ఆ మందు పొర రూపాన్నే మార్చేస్తుంది, గ్రంథులు కుంచించుకుపోయి అంతా సద్దుమణిగినట్టు కనబడుతుంది. మందు వాడుతున్న సంగతి తెలియని పాథాలజిస్టు ఆ కనబడిన దాన్నే రాస్తారు. నెలల తరబడి ఇటువంటి మాత్రలు వాడించి, రక్తస్రావం మళ్లీ మొదలైన తరువాత ముక్క తీయించడంలో ఉన్న చిక్కు ఇదే. మందు కొంతకాలం లక్షణాన్ని అణచి ఉంచుతుంది, కిందున్నది ఏమిటో తెలిసే అవకాశాన్ని కూడా మసకబారుస్తుంది. వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పు డాక్టరుకు చూపించి, దాని పేరు ఆ కాగితం మీద రాయించడం రోగి చేయగలిగిన పని.

మా అక్క ముక్కను నేను చూడలేదు. సొంత మనుషులవి చూడకపోవడమే మేలని మరొకరికి అప్పగించాను. నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. ఎటిపియా లేని హైపర్‌ప్లేసియా అని ఉంది. పాత పద్ధతిలో రాసే ల్యాబుల్లో ఇదే సింపుల్ హైపర్‌ప్లేసియా అన్న పేరుతో కనబడుతుంది. ఇంట్లో వాళ్లు ఆ మాట వినగానే మళ్లీ ఆపరేషన్ ప్రస్తావన తెచ్చారు. ఎటిపియా లేని హైపర్‌ప్లేసియా 20 ఏళ్ల కాలంలో క్యాన్సర్‌గా మారేది నూటికి అయిదుగురి కంటే తక్కువ మందిలో. కొందరికి మందు లేకుండానే తగ్గుతుంది, ప్రొజెస్టరాన్ కోవ మందులిస్తే చాలా ఎక్కువమందికి తగ్గుతుంది. అందులోనూ మాత్రల కంటే గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్ మెరుగైనది. 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉన్న ఆ లూప్ మందును పొర మీదనే రోజూ కొద్ది కొద్దిగా విడుదల చేస్తుంది. శరీరంలో లేని ప్రొజెస్టరాన్‌ను ఉండవలసిన చోటనే అందించడమన్నమాట. అమర్చిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడి విసిగిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే చాలామంది రెండో నెలలోనే తీయించేసుకుంటారు. మా అక్క విసుక్కుంది గాని ఉంచుకుంది.

ఆరు నెలలకు లూప్ తీయకుండానే మళ్లీ ముక్క తీశారు, పొర శాంతించింది. మరో ఆరు నెలలకు తీసినదీ అలాగే ఉంది. ఇంకొకరికైతే అంతటితో సరిపోయేది. బీఎంఐ 35, ఆపైన ఉన్నవారిలో ఇది తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఆమెకు ఏడాదికోసారి చూస్తున్నారు. ఈ లోపల ఆమె కొంత బరువు తగ్గింది, హిమోగ్లోబిన్ 11 దాటింది.

అదే రిపోర్టులో ఎటిపియా ఉందని వచ్చి ఉంటే నా సలహా పూర్తిగా వేరుగా ఉండేది. ఆ స్థితిలో గర్భసంచి తీసేయించుకోమనే చెప్పేదాన్ని. ఎటిపియా ఉందని తేలి ఆపరేషన్ చేయించుకున్న వారిలో, తీసిన గర్భసంచిని పరీక్షిస్తే అప్పటికే క్యాన్సర్ ఉన్నట్టు బయటపడిన వారు కొన్ని అధ్యయనాల్లో నూటికి నలభై మంది దాకా ఉన్నారు. నేను ఆపరేషన్‌కు వ్యతిరేకిని కాను. ఏ ఆపరేషన్ చేయాలో తెలియకుండా చేయడానికి వ్యతిరేకిని.

ఈ మాట మన ప్రాంతంలో గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. వీరిలో కొందరికి అది నిజంగా అవసరమే అయి ఉంటుంది. కాని ముక్క పరీక్ష లేకుండా జరిగిన ప్రతి ఆపరేషన్‌లోనూ రెండు వైపులా నష్టానికి ఆస్కారం ఉంది. పొరలో ఉన్నది లూప్‌తో తగ్గిపోయే హైపర్‌ప్లేసియా అయితే, 84 కిలోల మనిషికి మత్తు, గాయం మానడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలన్నిటినీ అనవసరంగా అంటగట్టినట్టు. ఉన్నది క్యాన్సరే అయితే చేసిన ఆపరేషన్ చాలదు. క్యాన్సర్ అని ముందే తెలిస్తే ఎంఆర్ఐ తీసి ఎంత లోతుకు వెళ్లిందో చూస్తారు, గర్భసంచితోపాటు అండాశయాలు, నాళాలు తీస్తారు, లింఫు గ్రంథుల సంగతి నిర్ణయిస్తారు, సంచిని ముక్కలు చేయకుండా పూర్తిగా బయటికి తెస్తారు. తెలియక లాపరోస్కోపీలో సంచిని కడుపులోనే ముక్కలు చేసి తీస్తే, ఉన్న క్యాన్సర్ కణాలు కడుపంతా చెదిరిపోవచ్చు. అండాశయాలు వదిలేసి వస్తే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి రావచ్చు. తీసిన సంచిని పరీక్షకే పంపకుండా పారేసిన సందర్భాలూ నాకు తెలుసు. ఏళ్ల తరువాత ఆ రోగి మరో సమస్యతో వస్తే, అప్పుడు లోపల ఏముండేదో చెప్పగలిగే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు.

అలాగని రక్తస్రావం ఎక్కువైన ప్రతి స్త్రీకీ ముక్క తీయాలని నేను అనను. ముప్ఫై ఏళ్ల వయసులో, సమయానికే వస్తూ ఎక్కువగా పోతున్న సన్నటి మనిషికి ముందు రక్తపరీక్షలు, థైరాయిడ్, స్కానింగ్ చూసి మందు మొదలుపెట్టడమే సబబు. ముందు చెప్పిన వయసు, బరువు, క్రమం తప్పడం కలిసినచోట, లేదా మందు వాడినా మూడు నెలల్లో ఫలితం కనబడనిచోట లెక్క మారుతుంది. గర్భసంచి పొరను వేడితో మాడ్చేసే చికిత్స ఎవరైనా సూచిస్తే మాత్రం ముందు బయాప్సీ తప్పనిసరి, ఎందుకంటే మాడిన పొర కింద ఏదైనా పెరుగుతూ ఉంటే తర్వాత కనిపెట్టడం కష్టం.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి, వాటిని దాచడం రోగిని మోసగించడమే. గొట్టానికి అందేది పొర మొత్తంలో చాలా చిన్న భాగం. పొరంతటా పరచుకున్న మార్పును అది బాగా పట్టుకుంటుంది. ఒక మూల వేలాడే పాలిప్ గాని, ఒక చోటనే ఉన్న చిన్న మార్పు గాని దానికి అందకుండా తప్పిపోవచ్చు. నెలసరి ఆగిన స్త్రీలలో క్యాన్సర్‌ను ఇది దాదాపు తప్పకుండా పట్టుకుంటే, ఆగనివారిలో పదింట ఒకటి దాకా తప్పిపోవచ్చని అధ్యయనాలు చెబుతున్నాయి. కొన్నిసార్లు సీసాలో రక్తం, జిగురు తప్ప పొర ఉండదు, అప్పుడు కణజాలం చాలలేదని మేము రాస్తాం. చాలలేదన్న రిపోర్టు బాగుందన్న రిపోర్టు కాదు, కాని ఇంటికి వెళ్లేసరికి అది ఏమీ లేదట అన్న మాటగా మారిపోతుంది. మా అక్కలాంటి మనిషికి అలాంటి రిపోర్టు వస్తే మళ్లీ తీయించుకోవాలి. రిపోర్టు బాగున్నా రక్తస్రావం ఆగకుండా కొనసాగుతుంటే హిస్టెరోస్కోపీ చేయాలి. అంటే సన్నటి కెమెరాను లోపలికి పంపి, పొరను కళ్లారా చూసి, అనుమానమున్న చోటునుంచే ముక్క తీయడం. ఆరు నెలల కిందటి మంచి రిపోర్టును చూపించి దాన్ని వాయిదా వేయడానికి వీల్లేదు.